డ్రోన్ కొనే ముందు బ్యాటరీ లెక్క వెయ్యి తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో అంకీసా దగ్గరి పల్లె. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. ఊళ్లోనే మోటార్లు, ట్రాక్టర్లు బాగుచేస్తున్నా. నాన్నకు 4 ఎకరాలుంది. 6 లక్షల దాకా అప్పు పుట్టేలా ఉంది. పాత ట్రాక్టర్ తీసుకుని కిరాయికి తిప్పాలా, మందు కొట్టే డ్రోన్ కొనాలా? ఊళ్లో ఇప్పటికే 11 ట్రాక్టర్లున్నాయి, డ్రోన్ ఒక్కటీ లేదు. రోజుకు 40 ఎకరాలు కొట్టొచ్చు, ఏడాదిలో పెట్టుబడి తిరిగొస్తుంది అని ఏజెంటు అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: తమ్ముడూ, ట్రాక్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఒక్క ఊళ్లో 11 ట్రాక్టర్లుంటే పన్నెండోది కొనొద్దు. మృగశిర కార్తె వానలు పడ్డాక పది పదిహేను రోజులు అందరికీ ఒకేసారి దుక్కి కావాలి, అప్పుడు నీ బండికీ పని దొరుకుతుంది. ఆ తర్వాత నాట్లకు దమ్ము చేసే రోజుల్లో మళ్లీ కొంత ఉంటుంది. మిగతా నెలల్లో 12 బండ్లూ ఒకే పనికోసం పోటీపడి రేటు దించుకుంటాయి, కిస్తీ మాత్రం దిగదు. పైగా ఆ 11 ట్రాక్టర్లూ ఇప్పుడు నీ దగ్గరికే రిపేరుకు వస్తున్నాయి. పెట్టుబడి లేకుండా వచ్చే ఆ రాబడిని వదులుకోవద్దు. డ్రోన్ కొన్నా కొనకపోయినా ఆ పని ఆపొద్దు. ఎందుకో కింద లెక్క చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక డ్రోన్. 40 ఎకరాల మాట అబద్ధమని అనను. పదెకరాల మడులు పక్కపక్కనే ఉండి, చెట్టూ కరెంటు తీగా లేకుండా, నీళ్లు గట్టు మీదే ఉండి, గాలి లేని రోజయితే కొట్టొచ్చు. మన దగ్గర అలాంటి రోజులు ఎన్ని ఉంటాయన్నదే ప్రశ్న. ఇక్కడ చేలు ఎకరం, ఎకరంన్నర ముక్కలు. ఒక ముక్క కొట్టి ఇంకో ముక్కకు పోవాలంటే డ్రోన్ మడిచి, జనరేటర్ ఎక్కించి, బురద బాటలో బండి తోలాలి. మందు కొట్టడానికి పనికొచ్చేది పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. నడిమధ్యలో ఎండకు సన్నటి తుంపర ఆకు మీద పడకముందే ఆవిరవుతుంది, గాలి కూడా లేస్తుంది. ఆ ఆరేడు గంటల్లో సీజన్ మొత్తం మీద సగటున రోజుకు 15 ఎకరాలు పడితే మంచి పనే. జూలై నడుమ నుంచి అక్టోబరు ఆఖరు దాకా వానలు, గాలులు, పని లేని వారాలు తీసేస్తే 50 రోజులు, ఆ తర్వాత మిర్చి మీద ఇంకో 20 రోజులు వేసుకో. 70 రోజులు, రోజుకు 15 ఎకరాలు అంటే ఏడాదికి 1,050 ఎకరాలు.

ఎకరానికి 400 రూపాయల కిరాయి అనుకుందాం. 4,20,000 రూపాయలు చేతికొస్తాయి. ఏజెంటు లెక్క ఇక్కడితో ఆగుతుంది. నువ్వు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

డ్రోన్‌కు బ్యాటరీ ట్రాక్టర్‌కు డీజిల్ లాంటిది. అది యంత్రంలో భాగం కాదు, అరిగిపోయే సరుకు. ఈ ఒక్క మాట అర్థం కాకనే చాలామంది మునుగుతున్నారు. 10 లీటర్ల ట్యాంకు డ్రోన్‌కు ఒక సెట్టంటే సాధారణంగా రెండు లిథియం ప్యాకులు. సెట్టు ధర 60,000 రూపాయలు అనుకో. ఒక చార్జింగుతో ఒక ట్యాంకు, బాగుంటే ఒకటిన్నర ట్యాంకు, అంటే ఎకరం నుంచి ఎకరంన్నర. సరైన జాగ్రత్త తెలియని చేతుల్లో ఆ సెట్టు 300 ఎకరాలకే బలం కోల్పోతుంది. అంటే ఒక్క బ్యాటరీ ఖర్చే ఎకరానికి 200 రూపాయలు. జనరేటర్ పెట్రోలు, బండి పెట్రోలు కలిపి 40. నీళ్లు పోసి, మందు కలిపే మనిషి కూలి ఎకరానికి 40. రెక్కలు, నాజిళ్లు, పంపు, ఎప్పుడో ఒక మోటారు, వీటికి 30. మొత్తం 310. నీకు మిగిలేది ఎకరానికి 90 రూపాయలు.

1,050 ఎకరాలకు 94,500 రూపాయలు. ఇందులో ఇన్సూరెన్సుకు 20,000 తియ్యి. ఇక అప్పు. డ్రోన్, 4 సెట్ల బ్యాటరీలు, చార్జర్, జనరేటర్ కలిపి నీ 6 లక్షలూ అయిపోయాయనుకుందాం. 11 శాతం వడ్డీకి 5 ఏళ్ల కిస్తీ నెలకు 13,000 దాటుతుంది, ఏడాదికి 1,56,000. సంవత్సరమంతా ఎండలో వానలో తిరిగి 80 వేలు ఎదురు పెట్టాలి. నీ కూలి ఇందులో లెక్కకే రాలేదు.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక్క అంకె మార్చు. అదే సెట్టును జాగ్రత్తగా వాడి 500 ఎకరాలు లాగితే బ్యాటరీ ఖర్చు 120కి దిగుతుంది, ఎకరానికి 170 మిగులుతుంది. 1,050 ఎకరాలకు 1,78,500. ఇన్సూరెన్సు, కిస్తీ పోగా దాదాపు సమానం. నష్టం లేదు, లాభమూ లేదు. సబ్సిడీ వచ్చి అప్పు 4 లక్షలకు దిగితే కిస్తీ ఏడాదికి 1,04,000 అవుతుంది. ఎకరాలు 1,600కు పెరిగితే 2,72,000 లోంచి కిస్తీ, ఇన్సూరెన్సు పోను లక్షా నలభై ఎనిమిది వేలు నీ చేతిలో ఉంటాయి. అప్పుడు అది బతుకుదెరువు. అంటే డ్రోన్‌తో బతకాలంటే మూడు కలిసిరావాలి: బ్యాటరీ ఎక్కువ కాలం నిలవాలి, చేలు గుంపుగా దొరకాలి, అప్పు తగ్గాలి. మీ దగ్గరి రేట్లు వేరే ఉంటే ఈ అంకెల చోట అవి పెట్టి మళ్లీ వేసుకో. కానీ బ్యాటరీ గడిని మాత్రం ఖాళీగా వదలొద్దు.

బ్యాటరీని నిలబెట్టడం నీలాంటి చేతికి కష్టం కాదు. మెకానిక్‌గా నీకున్న బలం ఇక్కడే పనికొస్తుంది. ఈ ప్యాకులో ఒక్కో సెల్లు నిండా చార్జయితే 4.2 వోల్టులు. ఎగిరి దిగాక సెల్లుకు 3.6 కన్నా కిందికి పోయిందంటే దాన్ని పిండేశావన్నమాట. రైతు గట్టు మీద నిలబడి 'ఇంకొక్క సాలే కదా' అంటాడు. ఆ ఒక్క సాలు కోసం 60 వేల సరుకు ఆయుష్షు కోసుకోవద్దు, దించెయ్. దిగిన ప్యాకు మీద అరచేతి వెనక భాగం ఆనించి చూడు. చురుక్కుమంటే నీడలో పెట్టి, వేడి పూర్తిగా దిగాకే చార్జింగుకు పెట్టు. చాలామంది తొందరలో వేడి ప్యాకునే తగిలిస్తారు, ప్యాకులు ఉబ్బేది ఎక్కువగా అందుకే. నాలుగు సెట్లు ఎందుకు కావాలంటే ఇందుకే. ఒకటి గాలిలో, ఒకటి చల్లారుతూ, రెండు చార్జింగులో ఉంటేనే పని ఆగకుండా నడుస్తుంది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. రేపు పొద్దున పని ఉందని రాత్రి అన్నీ నిండా చార్జి చేసి పెడతారు. తెల్లారి వాన. మూడు రోజులు ముసురు. ఆ మూడు రోజులూ ప్యాకులు 4.2 మీదే పడి ఉంటాయి, వాడకుండానే లోపల పాడవుతాయి. వాన పట్టిందంటే చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్లుకు 3.8 దగ్గరికి తెచ్చి ఉంచు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కూడా అలాగే, రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో చల్లటి మూల. మన ఎండాకాలం సంగతి నీకు చెప్పాలా. ప్రతి ప్యాకు మీద మార్కర్‌తో నంబరు వేసి, ఎన్ని చార్జింగులు అయ్యాయో పుస్తకంలో గీతలు పెట్టు. చార్జర్ తెర మీద ఒకే ప్యాకులోని సెల్లుకూ సెల్లుకూ తేడా 0.05 వోల్టు దాటడం మొదలైతే ఆ ప్యాకు పక్కకు జరిగే రోజులు దగ్గరపడ్డాయి. దాన్ని నిండు ట్యాంకుతో ఎగరెయ్యకు. గాలిలో ఒక సెల్లు పడిపోతే డ్రోన్ పొలంలో పడుతుంది, మోటార్లూ కాళ్లూ పంపూ అన్నీ పోతాయి.

రెండో సంగతి మందు. డ్రోన్ పైలట్ మీద రైతులకు నమ్మకం పోయేది ఎగరెయ్యడం రాక కాదు, మందు కలపడం రాక.

మన రైతులు మందును పంపు లెక్కన చెబుతారు. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం మందు తీసుకో. ఎకరానికి 60 మిల్లీలీటర్లు. చేతి పంపుతో ఎకరానికి దాదాపు 200 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే 16 లీటర్ల పంపులు పన్నెండు. పంపుకు 5 మిల్లీ చొప్పున రైతు పోస్తాడు. డ్రోన్ ఎకరానికి 10 లీటర్లతోనే పని ముగిస్తుంది. ఇప్పుడు రైతు 'పంపుకు 5 మిల్లీ తమ్మీ' అన్నాడని నువ్వు నీ ట్యాంకులో 5 మిల్లీ పోశావనుకో, ఎకరానికి పడాల్సిన మందులో పన్నెండో వంతే పడింది. వారం తర్వాత మొవ్వులు ఎండుతూనే ఉంటాయి, 'డ్రోన్ పని చెయ్యదు' అని ఊరంతా పేరు పడుతుంది. ఆ 10 లీటర్లలో 60 మిల్లీ మొత్తం పడాలి. నీళ్లు తగ్గుతాయి, ఎకరానికి మందు తగ్గదు. రైతుతో ఎప్పుడూ ఎకరం లెక్కలోనే మాట్లాడు, డబ్బా మీద ఉన్న మోతాదు చూసి, రైతు ముందే కొలిచి పొయ్యి.

ఇందులోంచే ఇంకో చిక్కు వస్తుంది. మందు అంత చిక్కగా ఉన్నప్పుడు రెండు మూడు రకాలు కలిపితే విరిగిపోవచ్చు. మన దగ్గర పురుగుమందు, తెగులుమందు, పైన ఒక టానిక్కు కలిపి కొట్టడం అలవాటు. 200 లీటర్లలో కలిసిపోయేది 10 లీటర్లలో పెరుగులా గడ్డకట్టి నాజిళ్లకు అడ్డం పడుతుంది. ముందు ఒక లీటరు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట పక్కన పెట్టు. గడ్డలు కట్టినా, అడుగున పేరుకున్నా, పొరలుగా విడిపోయినా, సీసా వేడెక్కినా ఆ కలయిక వద్దు. పొడి మందులను బకెట్లో వేరేగా కరిగించి, సన్న గుడ్డలో వడపోసి ట్యాంకులో పొయ్యి.

ఆ కలిపే మనిషి గురించి ఒక మాట. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి ఇరవై మందికి పైగా చనిపోయారు. తలెత్తు చేలో నడుస్తూ మీద పడే మందు నుంచి డ్రోన్ మనిషిని తప్పిస్తుంది, నిజమే. కానీ బకెట్ దగ్గర కూర్చున్నవాడి చేతిలో ఉన్నది చేతి పంపు నీళ్ల కన్నా ఇరవై రెట్లు చిక్కటి మందు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా అతన్ని కూర్చోబెట్టొద్దు. డ్రోన్ ఎగురుతున్నప్పుడు ఇద్దరూ గాలి వచ్చే వైపే నిలబడాలి.

మందు సమంగా పడుతోందా అన్నది కళ్లతో చూసి చెప్పలేం, కొలవాలి. డ్రోన్ సెకనుకు 4 మీటర్లు పోతూ 4 మీటర్ల వెడల్పున కొడితే సెకనుకు 16 చదరపు మీటర్లు తడుస్తాయి. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే 253 సెకన్లు, దాదాపు నాలుగుంపావు నిమిషాలు. ఆ సమయంలో 10 లీటర్లు దిగాలంటే నిమిషానికి 2.4 లీటర్లు రావాలి. నాలుగు నాజిళ్లుంటే ఒక్కోదాంట్లోంచి 600 మిల్లీ. రెక్కలు విప్పేసి, ట్యాంకులో మంచినీళ్లు పోసి, నాజిళ్ల కింద నాలుగు కొలత గ్లాసులు పెట్టి ఒక నిమిషం పంపు ఆడించు. మూడింట్లో 600 వచ్చి ఒకదాంట్లో 480 వస్తే ఆ నాజిల్ కిందపడే చార అంతా పురుగు బతికే ఉంటుంది. పది శాతం తేడా వచ్చినా విప్పి కడుగు, అప్పటికీ రాకపోతే మార్చెయ్. సీజన్లో వారానికి ఒకసారి ఇది చేస్తే చాలు.

ఏ పంటకు డ్రోన్ బాగా పనికొస్తుందో కూడా రైతుకు ఉన్నదున్నట్టు చెప్పు. వరి దీనికి అచ్చంగా సరిపోయే పంట. బురదలో నడిచే బాధ తప్పుతుంది, పైరు పైభాగం సమంగా ఉంటుంది, రెక్కల గాలికి ఆకులు ఊగి మందు లోపలికీ దిగుతుంది. పత్తి ఎత్తు పెరిగి సాళ్లు కమ్ముకున్నాక మనిషి దూరలేని చోట ఉపయోగమే. మిర్చిలో జాగ్రత్త. తామర పురుగు, నల్లి ఆకు అడుగునా, పూలలోనూ దాక్కుంటాయి. పైనుంచి పడే తుంపర గుబురు చెట్టు కింది ఆకుల అడుగుకు సరిగా చేరదు. మిర్చి రైతు కొత్తగా పిలిస్తే మొదట అరెకరం మాత్రమే కొట్టి, చెట్టు నడుమన, అడుగున తెల్ల కాగితం ముక్కలు గుచ్చి, రంగునీళ్లతో ఒకసారి ఆడించి, చుక్కలు ఎక్కడిదాకా దిగాయో ఆయనకే చూపించు. దిగలేదంటే వెనక్కి వచ్చెయ్. మిర్చి పెట్టుబడి ఎంతో నీకు తెలుసు, అందులో ప్రయోగాలు చెయ్యొద్దు. పైన నేను మిర్చికి వేసిన 20 రోజులు కూడా ఈ పరీక్ష నిలిస్తేనే.

కలుపు మందు ఒప్పుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. మన దగ్గర వరి మడి పక్కనే పత్తి చేను ఉంటుంది. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టమంటారు. పత్తికి ఆ మందు చుక్క కూడా సరిపడదు. గాలి కాస్త అటు తిరిగితే చాలు, అప్పటికి ఏమీ కనబడదు. వారం పది రోజులకు పత్తిలో కొత్తగా వచ్చే ఆకులు వెడల్పు కోల్పోయి, బెండాకులా వేళ్లు వేళ్లుగా చీలి వస్తాయి. మొగ్గలు రాలతాయి. ఆ పత్తి రైతు నీ ఇంటికి వస్తాడు, న్యాయం ఆయన వైపే ఉంటుంది. ఎకరం కిరాయి 400, ఆయన నష్టం వేలల్లో. అంతేకాదు, ట్యాంకులో, పైపుల్లో మిగిలిన తడితో మరునాడు పత్తికి వేరే మందు కొట్టినా అదే జరుగుతుంది, పైపైన కడిగితే పోదు. పురుగుమందు కొట్టేటప్పుడు కూడా గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటితే డ్రోన్ లేపొద్దు. గాలి వేగం కొలిచే చిన్న మీటరు ఒకటి జేబులో ఉంచుకో. రైతు తొందర పెడితే ఆ అంకె చూపించు, మాటకు మాట పెరగదు. పక్క చేలో తేనెపెట్టెలు, చేపల చెరువు, పట్టుపురుగుల మల్బరీ ఉంటే వాళ్లకు ముందురోజే చెప్పు.

ఇక కాగితాలు. నీ చేతికి పని తెలుసు కాబట్టి నీకో ఆలోచన రావచ్చు: విడిభాగాలు తెప్పించి నేనే డ్రోన్ బిగించుకుంటే సగం ఖర్చే కదా అని. చెయ్యొద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఈ పనికి వాడే డ్రోన్ మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ ఉండాలి, ఒక్కో డ్రోన్‌కు యూఐఎన్ అనే ప్రత్యేక నంబరు ఉండాలి. ఇంట్లో బిగించినదానికి ఇవి రావు. నంబరు లేనిదానికి సబ్సిడీ లేదు, ఇన్సూరెన్సు లేదు, ఎవరి మీదైనా పడితే కేసు మాత్రం ఉంటుంది. నీకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. పద్దెనిమిదేళ్లు నిండి పదో తరగతి పాసైతే చాలు, విమానయాన శాఖలోని డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో వారం లోపు కోర్సు. 2023 నుంచి పాస్‌పోర్టు కూడా అడగడం లేదు, ఓటరు కార్డో డ్రైవింగ్ లైసెన్సో సరిపోతుంది. సర్టిఫికెట్ పదేళ్లు నడుస్తుంది, దేశమంతా చెల్లుతుంది. గోదావరి బ్రిడ్జి దాటి కాళేశ్వరం, మహదేవపూర్ వైపు పనికి పోయినా వేరే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డ్రోన్ కొనేముందు ఎగిరే చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోనా కాదా అన్నది ప్రభుత్వ మ్యాపులో చూసుకో. మీది గడ్చిరోలి జిల్లా. ఆకాశంలో ఏది ఎగిరినా పోలీసులు అడుగుతారు, అడగాలి కూడా. యూఐఎన్, సర్టిఫికెట్, ఇన్సూరెన్సు జిరాక్సులు సీజన్‌కు ముందే స్టేషన్‌లో ఇచ్చి, ఏ ఊళ్లలో కొడతావో చెప్పి, స్థానికంగా ఏవైనా ఆంక్షలున్నాయేమో కనుక్కో. కొత్త ఊరికి పోయిన ప్రతిసారీ ముందురోజు ఒక ఫోన్ చెయ్యి. మందు మాత్రం రైతే కొని తేవాలి. నువ్వు అమ్మడం మొదలుపెడితే దానికి వేరే లైసెన్సు కావాలి.

సబ్సిడీ రెండు దారుల్లో ఉంది. కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతుకు డ్రోన్ ధరలో 50 శాతం, 5 లక్షలు మించకుండా. నాన్న పేరున భూమి కాగితం సాత్‌బారాలో 4 ఎకరాలే ఉంటే ఆయన ఇందులోకి వస్తారు. నీ పేరున కిరాయి సెంటర్ పెడితే 40 శాతం, 4 లక్షలు మించకుండా, దానికి నీకు పదో తరగతి, పైలట్ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. దరఖాస్తు మహాడీబీటీ పోర్టల్‌లో. ఒక్కటి గుర్తుపెట్టుకో: పూర్వసమ్మతి పత్రం చేతికి రాకముందు బిల్లు కొట్టిస్తే సబ్సిడీ రాదు. 'ముందు తీసుకో, తర్వాత పెడదాం' అనే ఏజెంటు మాట వినొద్దు. డబ్బు కొన్నాకే ఖాతాలో పడుతుంది కాబట్టి అప్పటిదాకా పూర్తి అప్పు మీదే వడ్డీ నడుస్తుంది, అది కూడా లెక్కలో వేసుకో.

ఇంకో దారి ఉంది, నీకు నా మనసులో ముందున్నది ఇదే. మీ అమ్మగారో, వదినో, అక్కో బచత్ గట్‌లో ఉన్నారా? నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా గ్రూపుకు డ్రోన్ ఖర్చులో 80 శాతం, 8 లక్షల దాకా ఇస్తారు. గ్రూపులో ఒకామెకు పైలట్ శిక్షణ. దాంతోపాటు గ్రూపు సభ్యుల్లోనో వాళ్ల ఇంట్లోనో కరెంటు, ఫిట్టింగు, మెకానిక్ పని మీద ఆసక్తి ఉన్న ఒకరికి డ్రోన్ సహాయకుడిగా, టెక్నీషియన్‌గా శిక్షణ ఇస్తారు. ఆ రెండో చోటు నీకోసమే రాసినట్టుంది. 6 లక్షల అప్పు నీ నెత్తిన ఉండదు, పైన చెప్పిన బ్యాటరీ పనీ నాజిల్ పనీ నీ చేతిలో ఉంటాయి. మహిళా గ్రూపులను చూసుకునే ఉమేద్ కార్యాలయంలో మీ తాలూకాకు ఈసారి గ్రూపుల ఎంపిక ఉందేమో రేపే పోయి కనుక్కో.

అది కుదరకపోతే ఈ ఏడాది డ్రోన్ కొనొద్దు. పైలట్ సర్టిఫికెట్ మాత్రం తీసుకో. సీజన్లో నది అవతల తిరిగే డ్రోన్ల దగ్గర ఎవరి కిందైనా కూలికి చేరు, మందు కలుపు, బ్యాటరీలు చూసుకో, అవకాశమొస్తే ఎగరెయ్. వాళ్లు నిజంగా రోజుకు ఎన్ని ఎకరాలు కొడుతున్నారో, ఏ ప్యాకు ఎన్ని చార్జింగులకు పోయిందో రాసిపెట్టుకో. ఇటు మీ ఊరి చుట్టూ 10 కిలోమీటర్లలో ఒక నోట్‌బుక్కు పట్టుకుని తిరుగు. 'డ్రోన్ వస్తే కొట్టిస్తారా' అని అడిగితే అందరూ సరే అంటారు, దానికి విలువ లేదు. 'ఎన్ని ఎకరాలు, ఏ పంట, పక్కన ఎవరి చేను, ఎకరానికి 50 రూపాయలు అడ్వాన్సు ఇస్తారా' అని అడుగు. పక్కపక్కన చేలున్న ఐదారుగురు ఒకే రోజుకు ఒప్పుకుంటే ఆ ఊరికి ఒక రోజు కేటాయించు. అలా అడ్వాన్సుతో కలిసి ఒకే చుట్టుకు 300 ఎకరాలు కూడితే, పంటకాలంలో నాలుగైదు చుట్లతో 1,200 నుంచి 1,500 దాకా చేరతావు. వంద దగ్గరే ఆగితే మీ ప్రాంతం ఇంకా సిద్ధంగా లేదని అర్థం, నీ 6 లక్షలు నీ దగ్గరే భద్రం.

చివరికి కొనే రోజు వస్తే ధర అడిగే ముందు ఏజెంటును ఇవి అడుగు. ఆగస్టులో ఒక మోటారో, దాని వేగాన్ని నడిపే ఈఎస్‌సీయో కాలిపోతే నాకు విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది? నేనే మార్చుకుంటే వారంటీ ఉంటుందా, అందుకు కంపెనీ నాకు శిక్షణ ఇస్తుందా? సీజన్లో డ్రోన్ పది రోజులు మూలపడితే 150 ఎకరాలు పోయినట్టే, ఆ రైతులు మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు. రెండు మోటార్లు, ఒక ఈఎస్‌సీ, ఒక పంపు, రెండు జతల రెక్కలు కొనే రోజే బిల్లులో రాయించుకో. సమాధానం కాగితం మీద ఇవ్వనివాడి దగ్గర, ఎంత తగ్గించి ఇచ్చినా కొనొద్దు.